పరుగు ఫారంలో ఆ మూడు గడులు

మారథాన్‌కి ఆన్‌లైన్‌లో పేరు ఇవ్వడం పది నిమిషాల పని. పేరు, పుట్టిన తేదీ, ఎంత దూరం పరిగెడతారు, టీషర్ట్ సైజు, బ్లడ్ గ్రూపు, ఎమర్జెన్సీ కాంటాక్ట్, ఆరోగ్య సమస్యలేమైనా ఉన్నాయా, షరతులకు ఒప్పుకుంటున్నట్టు ఒక టిక్కు, ఆ తర్వాత యూపీఐ. దూరం ఎంచుకునేటప్పుడు, డబ్బు కట్టేటప్పుడు అందరం జాగ్రత్తగానే ఉంటాం. మధ్యలో ఉన్న గడులనే చేతికొచ్చినట్టు నింపేస్తాం. కొన్నిటిని ఫోనే నింపేస్తుంది, మనం తలూపుతాం.

ఆ మధ్య గడులను నిజంగా చదివేవాళ్లు ఇద్దరున్నారు. ఒకరు టీషర్టుల ఆర్డరు పెట్టే నిర్వాహకులు. వాళ్లు నెలల ముందు, తీరిగ్గా, లెక్కల కాగితంలో చదువుతారు. రెండోవారు ఆదివారం పొద్దున ఫ్లైఓవర్ దిగువన తూలిపడిన మనిషి పక్కన మోకాళ్ల మీద కూర్చున్న డాక్టరో నర్సో. వాళ్ల చేతిలో ఉండే వ్యవధి ఒకటి రెండు నిమిషాలు. మనం రాసింది ఆ రెండో మనిషికి పనికొచ్చేలా ఉండాలి. చాలా ఫారాలు అలా ఉండవు.

హైదరాబాద్ మారథాన్‌నే తీసుకుందాం. ఏటా ఆగస్టులో జరుగుతుంది. ఫుల్ మారథాన్ 42.195 కిలోమీటర్లు, హాఫ్ అందులో సగం. నెక్లెస్ రోడ్డులోని పీపుల్స్ ప్లాజా దగ్గర చీకటితో మొదలై, ఊరంతా ఎక్కుతూ దిగుతూ వెళ్లి గచ్చిబౌలి స్టేడియంలో ముగియడం ఈ పరుగుకు అలవాటు. అంటే బయల్దేరిన చోటికి తిరిగి రారు. పొద్దున దింపి వెళ్లిన ఇంటివాళ్లకు, మధ్యదారిలో ఏదైనా జరిగితే మనిషి ఎక్కడున్నాడో తెలిసే వీలు ఒక్క ఫోనే. ఆగస్టు కాబట్టి ఎండ మరీ ఎక్కువుండకపోయినా గాలిలో తేమ ఉంటుంది. చెమట ఆరదు, ఒంట్లో వేడి బయటికి పోదు.

ముందుగా తేలికైన గడి, టీషర్ట్ సైజు. ఇంత ముందుగా ఇదెందుకు అడుగుతారంటే, వేల టీషర్టులు సైజుల వారీగా కుట్టించి, అచ్చు వేయించి, పరుగుకు రెండు మూడు రోజుల ముందు బిబ్‌లు పంచే చోటికి చేర్చాలి. ఎస్ ఎన్ని, ఎమ్ ఎన్ని, ఎల్ ఎన్ని అనేది మన ఫారాల నుంచే లెక్క తీస్తారు. దాని మీద కొద్దిగా అదనం వేసుకుంటారు, అంతే. అందుకే ఒక తేదీ దాటాక సైజు మార్చడం కుదరదంటారు. ఆలస్యంగా నమోదు చేసుకున్నవాళ్లకు ఉన్న సైజే ఇస్తామంటారు. కౌంటరులో కూర్చున్న వాలంటీరుతో గొడవ పడితే ఒరిగేదేమీ లేదు. అక్కడ పెట్టెలో ఉన్నవి లెక్క ప్రకారం వచ్చినవే.

తప్పు ఎక్కువగా జరిగేది సైజు చార్టు చదవడంలో. ఎమ్ అంటే 38, ఎల్ అంటే 40 అని ఇస్తారు. ఆ 40 అంగుళాలు మన ఛాతీ కొలతా, బట్ట కొలతా? కొన్ని చార్టుల్లో అది రాసి ఉంటుంది, కొన్నిట్లో ఉండదు. బట్ట కొలత అయితే, 39 అంగుళాల ఛాతీ ఉన్న మనిషికి 40 టీషర్టు ఒంటికి అతుక్కుపోతుంది. పరిగెత్తడానికి కనీసం రెండు మూడు అంగుళాల వదులు కావాలి. దీనికి తేలికైన దారి ఒకటుంది. మీకు హాయిగా ఉండే పాత టీషర్టు ఒకటి మంచం మీద ముడతల్లేకుండా పరిచి, ఒక చంక కుట్టు నుంచి రెండో చంక కుట్టు దాకా టేపు పెట్టండి. ఇరవైన్నర అంగుళాలు వచ్చిందనుకోండి, రెట్టింపు చేస్తే 41. చార్టులో బట్ట కొలతలు 40, 42 ఉంటే 42 ఎంచుకోవడమే మంచిది. ఈ పరుగు టీషర్టులు ఎక్కువగా పాలియెస్టర్‌వి. నూలు బట్టలాగా ఉతికిన కొద్దీ ఒంటికి అమరడమంటూ ఉండదు, మొదటి రోజు బిగుతుగా ఉంటే చివరి దాకా బిగుతే. ఆడవాళ్లకు విడిగా కట్ ఉందా, అందరికీ ఒకటేనా అన్నది కూడా చూసుకోవాలి. విడి కట్ ఉంటే అదే ఎల్ నడుము దగ్గర, చేతుల దగ్గర బాగా సన్నగా వస్తుంది.

కొన్ని పరుగులు రెండు టీషర్టులిస్తాయి, ముందు ఒకటి, పూర్తి చేసినవాళ్లకు ఇంకొకటి. రెండిటికీ ఒకే సైజు తీసుకుంటారు గనుక ఇక్కడ పడిన తప్పు రెండుసార్లు ఇంటికొస్తుంది. ఇంకో మాట కూడా ఉంది. ముందు రోజు చేతికొచ్చిన కొత్త టీషర్టు వేసుకుని మర్నాడే ఇరవై ఒక్క కిలోమీటర్లు పరిగెత్తకండి. చంకల కింద, ఛాతీ మీద కుట్టు ఎక్కడ ఒరుసుకుంటుందో పదిహేనో కిలోమీటరు దాకా తెలియదు. తెలిశాక చేయగలిగింది లేదు.

ఇక ఎమర్జెన్సీ కాంటాక్ట్. ఇందులో అందరికంటే ఎక్కువగా జరిగే పొరపాటు, మన నంబరే అక్కడ ఉండటం. ఫారంలో రెండు ఫోను గడులుంటాయి. బ్రౌజరు రెండిట్లోనూ మనకు గుర్తున్న నంబరే నింపేస్తుంది. కొన్ని వెబ్‌సైట్లు రెండూ ఒకటే అయితే ఒప్పుకోవు, కొన్ని ఏమీ అనవు. అప్పుడు రోడ్డు పక్కన ఉన్న నర్సు ఆ నంబరుకు చేస్తే, పడిపోయిన మనిషి నడుము సంచిలోనే ఫోను మోగుతుంది.

రెండో పొరపాటు, మనతో పాటే పరిగెడుతున్న మనిషి పేరు ఇవ్వడం. భార్యాభర్తలు కలిసి నమోదు చేసుకుంటారు. ఈయన ఫారంలో ఆవిడ నంబరు, ఆవిడ ఫారంలో ఈయన నంబరు. స్నేహితులూ అంతే. ఒకరికి ఏదైనా అయితే రెండోవారు అయిదు కిలోమీటర్ల ముందో వెనకో, ఫోను ఇంట్లో వదిలేసి పరిగెడుతూ ఉంటారు. ఆ రోజు పరిగెత్తని మనిషి కావాలి.

ఆఫీసుల తరఫున వెళ్లేవాళ్లది మరో రకం. అరవై మంది వివరాలు ఒక ఎక్సెల్ షీటులో వేసి హెచ్.ఆర్. విభాగం పంపుతుంది. ఎమర్జెన్సీ కాంటాక్ట్ వరుస ఖాళీగా ఉంటే షీటు చెల్లదు కాబట్టి అరవై మందికీ ఆ హెచ్.ఆర్. ఉద్యోగి నంబరే పెట్టేస్తారు. ఆదివారం పొద్దున ఆరుకు ఆ ఒక్క ఫోనే అరవై కుటుంబాలకు దిక్కు. పైగా ఎక్సెల్‌లో వరుస వెడల్పు చాలకపోతే పది అంకెల నంబరు `9.88E+09` అన్నట్టు కనబడుతుంది. ఎవరో దాన్ని అలాగే వేరే ఫైలులోకి మారిస్తే అసలు అంకెలు పోతాయి. ఆఫీసు ద్వారా వెళ్తున్నవాళ్లు, నమోదైందని వచ్చే మెయిల్ తెరిచి, అందులో ఎవరి నంబరుందో ఒకసారి చూసుకోవాలి. లేకపోతే నిర్వాహకులకే రాసి మార్పించుకోవాలి.

మరి ఎవరి పేరివ్వాలి? ఒక మనిషిని ఊహించుకుని ఫారం నింపి చూద్దాం. హనుమకొండలో ఉంటున్న ఒక మాస్టారు, యాభై రెండేళ్లు. హాఫ్ మారథాన్‌కు నమోదు చేసుకుంటున్నారు. షుగరుంది, ఇన్సులిన్ తీసుకుంటారు. బీపీకి మెటోప్రొలాల్ మాత్ర రోజూ వేసుకుంటారు. పెన్సిలిన్ పడదు. భార్య హనుమకొండలో, కొడుకు డాలస్‌లో, మేనల్లుడు కూకట్‌పల్లిలో ఉంటారు. ఫారం నింపిపెడుతున్నది డాలస్ కొడుకే. ఈ రోజుల్లో అది మామూలే.

కొడుకు సహజంగానే తన నంబరు ఇస్తాడు. ఇక్కడ ఆదివారం పొద్దున ఆరంటే డాలస్‌లో ఆగస్టు నెలలో శనివారం సాయంత్రం ఏడున్నర. కాబట్టి ఫోనైతే ఎత్తుతాడు. కానీ ఆస్పత్రికి రాలేడు, కాగితం మీద సంతకం పెట్టలేడు. అంబులెన్సులోంచి చేసే ఫోనులో అంతర్జాతీయ కాల్ వెళ్తుందన్న నమ్మకమూ లేదు. భార్యకు మందులన్నీ తెలుసు, కానీ హనుమకొండ నుంచి గచ్చిబౌలికి చేరేసరికి మధ్యాహ్నం. గంటలోపు ఆస్పత్రి గుమ్మం దగ్గర నిలబడగలిగేది మేనల్లుడు ఒక్కడే. అందుకని మొదటి నంబరు మేనల్లుడిది. ఫారంలో రెండో నంబరుకు చోటుంటే భార్యది. కొడుకు నంబరు మేనల్లుడి దగ్గర ఉంటే సరిపోతుంది. మేనల్లుడికి మందుల సంగతి తెలియదు గనుక, మాస్టారు డాక్టరు రాసిచ్చిన చీటీని ఫొటో తీసి అతనికి వాట్సాప్‌లో పంపి ఉంచాలి. బిబ్ నంబరు వచ్చాక అదీ పంపాలి.

సంబంధం అని అడిగే గడిలో ఫ్రెండ్ అని కాకుండా ఉన్న సంబంధం ఉన్నట్టు రాస్తే మేలు. ఫోను ఎత్తిన మనిషికి ఎంతవరకు చెప్పవచ్చో, ఎవరితో నిర్ణయం మాట్లాడాలో ఆస్పత్రివాళ్లు దాన్ని బట్టే ఆలోచిస్తారు.

నంబరు సరైనదే అయినా ఆదివారం పొద్దున అది మోగకపోవచ్చు. చాలామంది ఫోన్లలో రాత్రి పదకొండు నుంచి పొద్దున ఏడు దాకా శబ్దం రాకుండా డు నాట్ డిస్టర్బ్ పెట్టి ఉంటుంది. అంబులెన్సు నంబరు కొత్తది, ఎవరి ఫోనులోనూ ఉండదు. అదే నంబరు నుంచి కొద్ది నిమిషాల్లో మళ్లీ వస్తే మోగనిచ్చే వీలు ఆండ్రాయిడ్‌లోనూ ఐఫోన్‌లోనూ ఉంది. కానీ అవతల చేసేవాళ్లకు రెండోసారి చేసే తీరిక ఉంటుందన్న హామీ లేదు. “రేపు పొద్దున నాలుగు నుంచి తొమ్మిది దాకా ఫోను సైలెంట్‌లో పెట్టకురా, తెలియని నంబరైనా ఎత్తు” అని మేనల్లుడికి ముందు రోజు చెప్పడం ఒక్కటే నమ్మకమైన పద్ధతి. తన పేరు, నంబరు ఫారంలో ఇచ్చారన్న సంగతే తెలియని ఎమర్జెన్సీ కాంటాక్టులు చాలామంది ఉన్నారు.

ఇప్పుడు అసలు కష్టమైన గడి, ఆరోగ్య సమస్యలది. ఇక్కడ మనవాళ్లు మూడు విధాలుగా నింపుతారు. ఖాళీగా వదిలేస్తారు. లేదా ‘నిల్’ అంటారు. లేదా ‘బీపీ, షుగర్, కంట్రోల్‌లో ఉన్నాయి’ అని రాస్తారు. ఈ మూడో మాట చదివిన డాక్టరుకు దాదాపు ఏమీ తెలియదు. షుగరున్నవాళ్లు ఊళ్లో ఎంతోమంది. తెలియాల్సింది, ఇన్సులిన్ వాడతారా, షుగరును బాగా కిందికి దించే మాత్రలు వాడతారా అన్నది.

ఎందుకో చెప్పాలంటే పరుగులో మనిషి ఎందుకు పడిపోతాడో చూడాలి. గీత దాటి ఆగగానే కళ్లు తిరిగి కూలబడేవాళ్లలో చాలామందికి ప్రమాదమేమీ లేదు. అప్పటిదాకా కాళ్ల కండరాలు రక్తాన్ని పైకి నెడుతున్నాయి. ఒక్కసారిగా ఆగేసరికి రక్తం కాళ్లలోనే నిలిచిపోతుంది. పడుకోబెట్టి కాళ్లు ఎత్తి పెడితే కాసేపటికి లేచి కూర్చుంటారు. కానీ గీత ఇంకా దూరంగా ఉండగానే తూలిపోతూ, పొంతన లేకుండా మాట్లాడుతూ, ఎవరి మీదో చిరాకు పడుతూ పడిపోయే మనిషి సంగతి వేరు. ఆ ఒక్క రూపం వెనక మూడు వేర్వేరు కారణాలుండవచ్చు.

ఒకటి వడదెబ్బ. ఒంటి లోపలి వేడి 104 డిగ్రీలు దాటి, మెదడు మీద ప్రభావం చూపిస్తుంది. అప్పుడు ఆస్పత్రికి తరలించడం కన్నా ముందు అక్కడే ఐసు నీళ్లలో ముంచి చల్లబరచాలి. రెండోది రక్తంలో చక్కెర పడిపోవడం. దానికి గ్లూకోజు ఇవ్వాలి. మూడోది రక్తంలో సోడియం పడిపోవడం. నెమ్మదిగా పరిగెడుతూ, కనబడిన ప్రతి నీళ్ల బల్ల దగ్గరా ఆగి అవసరానికి మించి తాగినవాళ్లకు ఇది వస్తుంది. వీళ్లు నీరసంగా ఉన్నారు కదా అని ఇంకా నీళ్లు పట్టినా, మామూలు సెలైను ధారాళంగా ఎక్కించినా పరిస్థితి విషమించవచ్చు. ఇది ఎక్కడో అరుదుగా జరిగేది కూడా కాదు. 2002 బోస్టన్ మారథాన్‌లో గీత దాటిన 488 మంది రక్తం పరీక్షిస్తే 13 శాతం మందిలో సోడియం ఉండాల్సిన దానికన్నా తక్కువగా ఉంది. అందులో ముగ్గురిది ప్రాణాపాయ స్థాయి.

పై నుంచి చూస్తే మూడూ ఒకేలా ఉంటాయి, చేయాల్సిన పనులు మాత్రం వేరు. మెడికల్ టెంటులో థర్మామీటరు, చక్కెర చూసే స్ట్రిప్పు ఉంటాయి. సోడియం చూసే యంత్రం అన్నిచోట్లా ఉండదు. ఏది ముందు చూడాలన్నది మనం రాసిన నాలుగు మాటలను బట్టి తేలుతుంది.

మాస్టారు విషయంలో ఇంకో చిక్కుంది. చక్కెర పడిపోతున్నప్పుడు ఎవరికైనా గుండె దడ, చేతుల వణుకు వస్తాయి. మెటోప్రొలాల్ లాంటి బీపీ మందులు ఆ దడనూ వణుకునూ అణిచేస్తాయి. గుండె వేగం కూడా మామూలుగా పెరగాల్సినంత పెరగదు. నాడి చూసినవాళ్లకు మనిషి పెద్ద ఇబ్బందిలో లేడనిపిస్తుంది. ఇన్సులిన్, మెటోప్రొలాల్ అని రెండు పేర్లూ కళ్లబడితే డాక్టరు నాడిని నమ్మకుండా వెంటనే వేలికొసన సూది గుచ్చి చక్కెర చూస్తారు. ‘బీపీ, షుగర్, కంట్రోల్’ అన్న మాట నుంచి ఇది రాదు.

కాబట్టి మాస్టారి ఫారంలో ఆ గడి ఇలా ఉంటే బాగుంటుంది. గడిలో కొన్ని అక్షరాలకే చోటుంటుంది గనుక అన్నిటికంటే ముందు తెలియాల్సింది మొదటి వరుసలో వస్తుంది.

```
Diabetes - on INSULIN. Sugar may go low.
BP - Metoprolol 50 mg daily.
ALLERGY: Penicillin.
```

ఎన్నేళ్ల నుంచి షుగరుందో, ఏ డాక్టరు చూస్తారో, మోకాలికి ఎప్పుడు ఆపరేషన్ అయిందో అక్కర్లేదు. ప్రథమ చికిత్సను మార్చే సంగతులే కావాలి. రక్తం పలచబడే మందులు వాడేవాళ్లు అది తప్పకుండా రాయాలి, ఎందుకంటే వాళ్లు పడి తలకు దెబ్బ తగిలితే పైకి చిన్నగా కనబడినా స్కానింగుకు పంపాల్సిందే. మూర్ఛ ఉన్నవాళ్లు, ఉబ్బసానికి ఇన్‌హేలరు వెంట ఉంచుకునేవాళ్లు, గుండెకు స్టెంటు వేయించుకున్నవాళ్లు, ఇదివరకు ఒకసారి వడదెబ్బతో ఆస్పత్రి పాలైనవాళ్లు కూడా అంతే. ఇన్‌హేలరు నడుము సంచిలో ఉందని రాస్తే వెతుక్కునే పని తప్పుతుంది. ఏ జబ్బూ, ఏ మందూ, ఏ ఎలర్జీ లేకపోతే గడి ఖాళీగా వదలకుండా ‘None’ అని రాయండి. ఖాళీ గడి చూస్తే ఏమీ లేదో, రాయడం మరిచారో తెలియదు.

బ్లడ్ గ్రూపును అందరూ శ్రద్ధగా నింపుతారు, అది తెలుసు కాబట్టి. నిజానికి రోడ్డు మీద దానితో పడే పని చాలా తక్కువ. ఆస్పత్రిలో రక్తం ఎక్కించే ముందు ఎవరు ఏం రాసినా మళ్లీ పరీక్షిస్తారు. మందుల గడి వదిలేసి గ్రూపు ఒక్కటీ రాసిన ఫారం చూస్తే నాకు బాధేస్తుంది.

జబ్బు రాస్తే పరిగెత్తనివ్వరేమో అన్న భయంతో దాచేవాళ్లూ ఉన్నారు. మన దగ్గర ఎక్కువ పరుగుల్లో ఆ గడి ఎంపిక కోసం పెట్టింది కాదు. ఇటలీలో అయితే పోటీ పరుగుకు డాక్టరు ధ్రువపత్రమే కావాలి. మన ఫారంలో ‘నేను ఆరోగ్యంగా ఉన్నాను, బాధ్యత నాదే’ అన్న షరతు కింద టిక్కు పెడతాం. గుండె జబ్బు దాచి ఆ టిక్కు పెట్టినవాళ్లకు కాగితం మీదా రక్షణ లేదు, రోడ్డు మీదా లేదు. భయపడేంత ప్రమాదం ఉందా అంటే, అమెరికాలో 2000 నుంచి 2010 దాకా ఫుల్, హాఫ్ మారథాన్లు పరిగెత్తిన కోటీ తొమ్మిది లక్షల మందిలో గుండె ఆగినవాళ్లు 59 మంది. అంటే లక్షా ఎనభై నాలుగు వేల మందిలో ఒకరు. గుండె జబ్బుందని తెలిసినవాళ్లు పరిగెత్తాలా వద్దా అన్నది ఫారం నింపేముందే తమ డాక్టరును అడిగి తేల్చుకోవాల్సిన మాట. ఆరోగ్య వివరాలు ఎవరి చేతిలో పడతాయో అన్న సందేహం మాత్రం న్యాయమైనదే. ప్రకటనల కోసం వివరాలు ఇతరులకు ఇవ్వడానికి ఒప్పుకుంటున్నాను అనే టిక్కు ఒకటి విడిగా ఉంటుంది. అది తీసేసినా నమోదు ఆగకూడదు.

ఇంత జాగ్రత్తగా రాసినది డాక్టరు కంటికి ఎలా చేరుతుంది? ఇది పరుగును బట్టి మారుతుంది. కొందరు ఎమర్జెన్సీ నంబరు, బ్లడ్ గ్రూపు బిబ్ మీదే అచ్చు వేస్తారు. కొందరి దగ్గర అవి కంప్యూటర్‌లోనే ఉంటాయి. ఛాతీకి పెట్టుకున్న నంబరు వైర్‌లెస్‌లో చెబితే కంట్రోల్ రూంలో వెతికి చెబుతారు. అందుకని బిబ్ చేతికి రాగానే వెనక్కి తిప్పి చూడాలి. అక్కడ పేరు, నంబరు, మందులు రాసుకోవడానికి గీతలుంటాయి. అవి లేకపోయినా ఖాళీ ఉంటుంది. ఫారంలో రాసిన ఆ మూడు వరుసలనూ, మేనల్లుడి నంబరునూ అక్కడ బాల్‌పెన్నుతో మళ్లీ రాయాలి. జెల్ పెన్నుతో రాస్తే పదో కిలోమీటరుకే చెమటకు అలుక్కుపోతుంది. లావు మార్కరు అవతలి వైపుకు పాకి ముందున్న నంబరును పాడు చేస్తుంది. బిబ్‌ను టీషర్టు ముందు భాగానే పెట్టుకోవాలి. వీపు మీద పెట్టుకుంటే, వెల్లకిలా పడిపోయిన మనిషిది ఎవరికీ కనబడదు. వానకోటు వేసుకుంటే దాని మీదకు మార్చుకోవాలి. ఫోను తీసుకెళ్లేవాళ్లు తాళం తీయకుండానే కనబడే ఎమర్జెన్సీ సమాచారంలో ఇవే వివరాలు పెట్టుకోవచ్చు. ఐఫోన్‌లో హెల్త్ యాప్‌లో `Medical ID` అని, ఆండ్రాయిడ్‌లో సెట్టింగ్స్‌లో `Safety & emergency` అని ఉంటుంది.

ఫారం ఏప్రిల్‌లోనో మేలోనో నింపుతాం, పరుగు ఆగస్టులో. మధ్యలో డాక్టరు మందు మార్చవచ్చు. మేనల్లుడు బెంగళూరుకు మారిపోవచ్చు. బిబ్ తీసుకునే రోజు హెల్ప్‌డెస్క్ దగ్గర మార్పించడం కుదిరినా కుదరకపోయినా, బిబ్ వెనక రాత మన చేతిలోనే ఉంది. అక్కడ ఆ రోజుటి నిజం రాయాలి. ఆ వారంలో జ్వరం వచ్చి ఉంటే రాయడం కాదు, మానేయడమే మేలు. ఆగస్టు హైదరాబాద్‌లో డెంగీ రోజులు కూడా. ఒళ్లు నొప్పులకని పరుగు ముందు నొప్పి మాత్రలు మింగడం కూడా వద్దు. డైక్లోఫెనాక్, ఐబుప్రోఫెన్ లాంటివి శ్రమలో ఉన్న మూత్రపిండాల మీద భారం వేస్తాయి, సోడియం పడిపోయే అవకాశాన్నీ పెంచుతాయి.

పరిగెత్తలేకపోయినవాళ్లు డబ్బు దండగ ఎందుకని బిబ్‌ను తమ్ముడికో ఆఫీసులో ఇంకొకరికో ఇచ్చేస్తారు. నిర్వాహకులు దీన్ని ఒప్పుకోకపోవడానికి కారణం కచ్చితత్వం పిచ్చి కాదు. 2016 డిసెంబరులో చైనాలోని షియామెన్‌లో జరిగిన ఒక హాఫ్ మారథాన్‌లో ఇద్దరు చనిపోయారు. వాళ్లలో ఒకరు పరిగెత్తింది వేరొకరి బిబ్‌తో. మన మాస్టారి బిబ్‌తో ముప్పై ఏళ్ల కుర్రాడు పరిగెత్తి పడిపోతే ఏమవుతుందో చూడండి. కంట్రోల్ రూం చెప్పే మనిషి ఇన్సులిన్ వాడే యాభై రెండేళ్ల వ్యక్తి. ఫోను మోగేది కూకట్‌పల్లిలో ఏ సంబంధం లేని ఇంట్లో. అక్కడ కంగారు పడి మామయ్యకు చేస్తే, ఆయన హనుమకొండలో కాఫీ తాగుతూ ఎత్తుతారు. ఇక ఆ కుర్రాడికి ఏ మందు పడదో, వాళ్లవాళ్లు ఎవరో అప్పుడు మొదలుపెట్టి కనుక్కోవాలి. కొన్ని పరుగుల్లో ఒక తేదీలోపు కొద్ది రుసుముతో పేరు మార్చుకోనిస్తారు. ఆ సౌకర్యం ఉంటే కొత్త మనిషి తన వివరాలతో మొత్తం ఫారం మళ్లీ నింపాలి. లేకపోతే ఆ బిబ్‌ను ఇంట్లోనే ఉంచేయాలి.

డబ్బు కట్టేటప్పుడు ఖాతాలోంచి పోయి, నమోదైనట్టు మెయిల్ రాకపోతే కంగారులో వెంటనే రెండోసారి కట్టకండి. రిజర్వు బ్యాంకు నిబంధన ప్రకారం దుకాణాలకూ సంస్థలకూ చేసిన యూపీఐ చెల్లింపు ఇలా మధ్యలో ఆగిపోతే అయిదు రోజుల్లోగా వెనక్కి రావాలి. అంతకన్నా ఆలస్యమైతే రోజుకు 100 రూపాయల చొప్పున పరిహారం కూడా రావాలి. లావాదేవీ నంబరుతో నిర్వాహకులకు మెయిల్ పెట్టి ఒకరోజు ఆగితే చాలాసార్లు నమోదు ఖాయమైపోతుంది. రెండుసార్లు కడితే ఒకే మనిషికి రెండు బిబ్‌లు వస్తాయి, రెండోది ఎవరికి ఇద్దామన్న ఆలోచన అక్కడే పుడుతుంది.

పరుగు మధ్యలో మానేస్తే ఎవరికీ చెప్పకుండా ఆటో ఎక్కి ఇంటికి వెళ్లిపోకూడదు. బిబ్‌లో చిప్ ఉంటుంది, దారిలో పరిచిన చాపలు దాటినప్పుడల్లా సమయం నమోదవుతుంది. పదిహేనో కిలోమీటరు చాప దాటి తర్వాతది దాటని మనిషి కోసం ఇంట్లోవాళ్లు ఫోనులో చూసుకుంటూ ఆందోళన పడతారు. వాళ్లు అడిగితే నిర్వాహకులు బండి పంపి వెతికిస్తారు. దగ్గర్లో ఉన్న నీళ్ల బల్ల దగ్గర వాలంటీరుకు బిబ్ నంబరు చూపించి, మానేస్తున్నానని చెప్పి, వాళ్ల ఫోను నుంచే మేనల్లుడికి ఒక మాట చెప్పి, ఆ తర్వాత ఆటో ఎక్కాలి.